కెమెరాకి మూడు తలుపులు

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర దాటి అయిదారు నిమిషాలు అయి ఉంటుంది. పై వాటా అమ్మాయి మెట్లు గబగబా దిగివచ్చి, "బాబాయ్, కెమెరా బ్లాక్ అయిందంటోంది" అంది. పది గంటలకి పరీక్ష. బీటెక్ ఆఖరి సంవత్సరం పిల్ల. ఉద్యోగం కోసం ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ ముందు రాయాలి. తొంభై నిమిషాలు. పదీ పావు దాటితే లాగిన్ మూసేస్తామని మెయిల్‌లో స్పష్టంగా రాశారు. నాకు ముందు నమ్మబుద్ధి కాలేదు. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా కూర్చుని కంప్యూటర్‌ని సిద్ధం చేసింది మేమిద్దరమే. అన్నిటికీ పచ్చ టిక్కులు పడ్డాకే పడుకున్నాం.

శుక్రవారం నుంచి చెప్తాను. వాళ్ళింట్లో ఉన్నది పాత డెస్క్‌టాప్, విండోస్ 7. కంపెనీ పంపిన సిస్టమ్ చెక్ లింకు తెరవగానే `Your browser is not supported` అని వచ్చింది. కింద, క్రోమ్ కొత్త వెర్షన్ వాడమని సలహా. "ఇది క్రోమే కదా బాబాయ్" అని ఆ పిల్ల ఆశ్చర్యం. అడ్రసు గడిలో `chrome://settings/help` అని కొట్టించాను. మామూలుగా ఆ పేజీ తెరిస్తే చాలు, క్రోమ్ తనంతట తానే కొత్త వెర్షన్ వెతుక్కుని దించుకుంటుంది. `Relaunch` నొక్కితే అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది. ఇక్కడ మాత్రం నంబరు 109 దగ్గర ఆగిపోయి ఉంది.

109 కనబడితే ఇంక ప్రయత్నించక్కర్లేదు. విండోస్ 7కీ, 8.1కీ వచ్చిన ఆఖరి క్రోమ్ అదే, 2023 జనవరిలో. ఆ తర్వాతి నెల వచ్చిన 110 నుంచి కనీసం విండోస్ 10 ఉండాలి. పోర్టల్‌కి ఇది ఎలా తెలుస్తుందని ఆ పిల్ల అడిగింది. పేజీ తెరిచిన ప్రతిసారీ బ్రౌజర్ తన పేరూ ఊరూ ఒక వాక్యంగా చెప్పుకుంటుంది. `chrome://version` పేజీలో User Agent అన్న చోట ఆ వాక్యం మనమూ చూడొచ్చు. వాళ్ళ డెస్క్‌టాప్‌లో ఉన్నది ఇది:

```
Mozilla/5.0 (Windows NT 6.1; Win64; x64) AppleWebKit/537.36 (KHTML, like Gecko) Chrome/109.0.0.0 Safari/537.36
```

NT 6.1 అంటే విండోస్ 7. పోర్టల్ చూసుకునేది ఆ మాటనీ, చివర్లో ఉన్న 109నీ. ఈ వాక్యాన్ని మార్చి పోర్టల్‌ని నమ్మించే ఉపాయం కాలేజీ స్నేహితులు ఎవరో చెప్పారట. వద్దన్నాను. గుమ్మం దాటనిస్తుందేమో గానీ, లోపల పేజీకి కావలసిన కొత్త సౌకర్యాలు ఆ పాత బ్రౌజర్‌కి ఎక్కడి నుంచి వస్తాయి? నలభయ్యో ప్రశ్న దగ్గర తెర బిగుసుకుపోతే అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు. కాబట్టి వేరే కంప్యూటర్ కావాలి. అందుకే ఈ చెకింగు కనీసం రెండు రోజుల ముందు చేసుకోమంటాను. సెట్టింగ్ తప్పయితే రాత్రికి రాత్రి సరిచేసుకోవచ్చు, కంప్యూటరే మార్చాల్సి వస్తే దాన్ని ఎవరింటి నుంచో తెచ్చుకోవాలి.

శనివారం మధ్యాహ్నానికి విజయవాడలో ఉన్న వాళ్ళ పెద్దమ్మ కొడుకు లాప్‌టాప్ వచ్చింది. విండోస్ 11. బ్రౌజర్ గొడవ లేదు. కెమెరా దగ్గర మాత్రం నల్లటి తెర.

కెమెరాకి మూడు తలుపులుంటాయి. మొదటిది లాప్‌టాప్ మీదే ఉంటుంది. కొన్నిటికి కెమెరా రంధ్రం మీద అటూ ఇటూ జరిగే చిన్న రేకు, కొన్నిటికి పై వరుసలో కెమెరా బొమ్మ ఉన్న మీట. రెండోది విండోస్ చేతిలో ఉంటుంది. మూడోది బ్రౌజర్ చేతిలో. ఏ తలుపు మూసి ఉందో తెలియాలంటే లోపలి నుంచి బయటికి రాకూడదు, బయటి నుంచి లోపలికి వెళ్ళాలి. ముందుగా విండోస్‌లో ఉండే Camera అనే ప్రోగ్రామ్ తెరిచాం. అందులోనూ నలుపే. అంటే తప్పు పోర్టల్‌ది కాదు, బ్రౌజర్‌దీ కాదు. వేలితో తడిమితే రేకు మూసి ఉంది. జరపగానే మా ఇద్దరి మొహాలూ కనబడ్డాయి.

తీరా పోర్టల్‌కి వెళ్తే మళ్ళీ `Camera blocked`. ఇక్కడే చాలామంది పొరబడతారు. Camera ప్రోగ్రామ్‌లో మొహం కనబడింది కనుక విండోస్ తలుపు తెరిచే ఉందనుకుంటారు. విండోస్ ఆ తలుపుకి రెండు గడియలు పెట్టింది. Settings లోకి వెళ్ళి Privacy & security, అందులో Camera తెరిస్తే పైన కొన్ని ప్రోగ్రాముల పేర్లు, వాటి పక్కన మీటలు ఉంటాయి. Camera ప్రోగ్రామ్ ఆ జాబితాలోది. ఇంకా కిందికి దిగితే `Let desktop apps access your camera` అని వేరే మీట ఉంటుంది. క్రోమ్ దాని కిందికి వస్తుంది. అది ఆపేసి ఉంది. ఆన్ చేసి, Camera ప్రోగ్రామ్ మూసేసి, పేజీ రీలోడ్ చేశాం. మూసేయడం మరిచిపోకండి. కెమెరా ఒక ప్రోగ్రామ్ చేతిలో ఉండగా ఇంకోదానికి దొరక్కపోవచ్చు. పాత వీడియో కాల్ ఏదైనా వెనకాల తెరిచి ఉన్నా ఇదే గొడవ.

పచ్చ టిక్కులు వరసగా పడ్డాయి. విండోస్ అప్‌డేట్ పేజీలో `Pause updates` నొక్కి వారం పాటు ఆపించాను. "ఇంక దీన్ని ఎవరూ ముట్టుకోకండి" అన్నాను. ఆ మాట అంటుంటే తెనాలి గుర్తొచ్చింది.

ఈ కాలమ్ చదివేవాళ్ళకి తెనాలిలో నాకు టైపు నేర్పిన మాస్టారు కొత్త కాదు. 1984లో లోయర్ పరీక్షకి ఆయన మమ్మల్ని తయారుచేసిన దానికంటే మిషన్లని తయారుచేసిన తీరే నాకు బాగా జ్ఞాపకం. నిమిషానికి 30 పదాలు కొట్టాలి. ఎవరి మిషను వాళ్ళు పరీక్ష జరిగే చోటికి మోసుకెళ్ళే రోజులవి. రెండు రోజుల ముందే ఆయన ఒక్కో మిషన్నీ బల్ల మీద బోర్లించినంత పని చేసేవారు. e, a, o అక్షరాల పొట్టల్లో పేరుకున్న సిరా మడ్డిని గుండుసూదితో తీసి, కిరసనాయిలు అద్దిన బ్రష్షుతో తుడిచేవారు. క్యారేజీ కదలకుండా పురికొసతో కట్టి రిక్షా ఎక్కించేవారు. చేరాక కట్లు విప్పి, బల్ల ఊగుతుందేమో చూసి, కాలి కింద మడిచిన కాగితం పెట్టి, ప్రతి అక్షరం ఒకసారి కొట్టించి కవరు కప్పించేవారు. "గంట కొట్టేదాకా ముట్టుకున్నవాడు నా శిష్యుడు కాడు" అనేవారు. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి, అక్షరాలు నల్లగా పడతాయన్న ఆశతో పరీక్ష రోజు పొద్దున కొత్త రిబ్బను ఎక్కించాడు. అది గైడులో సరిగా కూర్చోలేదు. మూడో లైను నుంచి అక్షరాలు సగం సగమే పడ్డాయి. రిబ్బను సర్దుకునేలోపు టైము అయిపోయింది. ఆ అబ్బాయి వేళ్ళు నాకంటే వేగంగా కదిలేవి.

అప్పటినుంచీ నాది ఒకటే నమ్మకం. పనిముట్టుని ముందే సిద్ధం చేసుకోవాలి, ఆ తర్వాత దాని జోలికి పోకూడదు. ఈ వారం రాయాలనుకున్నది కూడా అదే. శనివారం రాత్రే సగం రాసి పెట్టుకున్నాను.

ఆదివారం ఆ సగం కాగితం పనికిరాకుండా పోయింది.

పైకి వెళ్ళి చూశాను. రేకు తెరిచే ఉంది. విండోస్ మీటలు మేం పెట్టినట్టే ఉన్నాయి. అడ్రసు గడి కుడి చివర కెమెరా బొమ్మ, దాని మీద కొట్టివేత గుర్తు. అంటే మూడో తలుపు. నిన్న తెరిచిన తలుపు ఇవాళ ఎలా మూసుకుంది? అడ్రసు చదివితే అర్థమైంది. నిన్నటి సిస్టమ్ చెక్ ఒక అడ్రసులో, ఇవాళ్టి పరీక్ష వేరే అడ్రసులో. మొదట్లో ఉండే ఒక్క పదమే తేడా. బ్రౌజర్‌కి అది చాలు. కెమెరా అనుమతిని అది కంప్యూటర్ మొత్తానికి ఇవ్వదు, కంపెనీ పేరు చూసీ ఇవ్వదు. ఒక్కో అడ్రసుకి ఒక్కో అనుమతి. నిన్నటిది నిన్నటి అడ్రసుకే. కొత్త అడ్రసు కొత్తగా అడిగింది. ఈ పిల్ల `Never allow` నొక్కింది.

"ఎందుకమ్మా?" అన్నాను. "కెమెరా అడిగితే వద్దనమని మీరే కదా బాబాయ్ రాస్తుంటారు" అంది.

నిజమే. టార్చిలైటు యాప్‌కి ఫోన్ నంబర్ల పుస్తకం ఎందుకని ఎన్నిసార్లు రాశానో నాకే లెక్క లేదు. అడిగిన ప్రతిదానికీ ఒప్పుకోకండని, అనుమానం వస్తే వద్దనే నొక్కమని ఈ చోటే రాశాను. ఆ మాట అలవాటుగా మారి, పరీక్ష కంగారులో ఆమె వేలిని నడిపించింది. ఒకసారి వద్దన్నాక క్రోమ్ మళ్ళీ అడగదు, ఆ అడ్రసు పేరు గుర్తుపెట్టుకుని ఊరుకుంటుంది. పేజీని ఎన్నిసార్లు తిరగేసినా అదే జవాబు. ఆ సంగతి నేను ఎప్పుడూ రాయలేదు.

అడ్రసుకి ఎడమ పక్కన ఉండే చిన్న బొమ్మ నొక్కితే కెమెరా, మైకు మీటలు కనబడతాయి. రెండూ తిప్పి పేజీ రీలోడ్ చేశాం. రీలోడ్ చేశాక మళ్ళీ లాగిన్ అడిగింది, మళ్ళీ ఫోటో, మళ్ళీ గుర్తింపు కార్డు కెమెరాకి చూపించడం. అంతా అయ్యేసరికి తొమ్మిదీ యాభై ఒకటి. తొమ్మిదీ యాభై అయిదుకి లాగిన్ అయి ఉంటే ఇదే పని పదీ పావులోపు పూర్తయ్యేదని కచ్చితంగా చెప్పలేను. ఆమెని కాపాడింది శనివారం టిక్కులు కావు, లాగిన్ తెరిచిన తొమ్మిదిన్నరకే లోపలికి వెళ్ళడం.

మా మాస్టారి మిషను మొత్తం మా బల్ల మీదే ఉండేది. ఈ పిల్ల మిషనులో సగం ఎక్కడో దూరంగా ఉంది. ఆ సగం పరీక్ష రోజు పొద్దున మాత్రమే కనబడుతుంది. ముందే సిద్ధం చేసి ముట్టుకోవద్దన్న సూత్రం ఆ సగానికి వర్తించదు. అనుమతుల విషయంలోనూ నా మాట మార్చుకుంటున్నాను. అడిగినది ఎవరో అడ్రసు చదివి చూడండి. మీరు వెళ్ళాల్సిన చోటే అయితే `Allow while visiting the site` నొక్కండి. `Allow this time` పరీక్షకి వద్దు, పేజీ మూసుకుపోతే ఆ అనుమతీ పోతుంది, మళ్ళీ మొదటికొస్తారు. పని అయ్యాక ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోండి. `chrome://settings/content/camera` పేజీలో ఆ అడ్రసు పక్కన చెత్తబుట్ట బొమ్మ ఉంటుంది.

పదకొండూ నలభైకి గది తలుపు తెరుచుకుంది. మొహం చూస్తే బాగానే రాసినట్టుంది, నేను అడగలేదు. లాప్‌టాప్ సంచిలో పెట్టబోతూ ఆగి, ఆ పేజీ తెరిచి రెండు అడ్రసులూ తీసేసింది. తర్వాత వేలితో రేకు జరిపి కెమెరా మూసింది. రేకు సంగతి నేను చెప్పలేదు.