గొళ్లెం, తాళం

సరూప త్రిభుజాల పాఠం వీడియో తీసి, దాని లింకు బోర్డు మీద రాశాను. పదో తరగతి పిల్లలు బుద్ధిగా నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. మర్నాడు పొద్దున్నే ఆరుగురు లేచి నిలబడ్డారు.

"సార్, వీడియో రావట్లేదు."

పుస్తకాలు తెప్పించి చూస్తే తప్పు వాళ్లది కాదు, నాది. యూట్యూబ్ లింకు చివర 11 గుర్తులుంటాయి. వాటిలో పెద్దబడి అక్షరం వేరు, చిన్నబడి అక్షరం వేరు. నా చేతిరాతలో పెద్ద I, చిన్న l ఒకటే గీత. సున్నాకీ O కీ తేడా లేదు. లెక్కలో ఒక గుర్తు తప్పితే నేను సగం మార్కులైనా వేస్తాను. యూట్యూబ్ అదీ వేయదు.

మాది మిరప పండే ప్రాంతం. కోతలొచ్చాయంటే అమ్మానాన్నల వెంట పిల్లలూ పొలానికి పోతారు, తరగతిలో సగం బెంచీలు ఖాళీ. రెండు వారాల తర్వాత తిరిగొచ్చిన వాళ్లకి అదే పాఠం మళ్లీ చెబితే మిగిలినవాళ్లు కిటికీలోంచి బయటికి చూస్తారు. అందుకే వీడియోలు మొదలుపెట్టాను. మొదట్లో వీడియో ఫైలునే వాట్సాప్‌లో పంపేవాణ్ని. ఇంటికంతటికీ ఒకటే ఫోను, అందులో జాగా ఉండదు. నాలుగో వీడియోకల్లా మొదటిది తుడిచేసేవాళ్లు. పైగా ఒకసారి పంపిన ఫైలు మీద మనకిక అధికారం ఉండదు. బోర్డు మీద నేను కూడిక తప్పు చేసిన వీడియో ఒకటి ఇప్పటికీ ఎవరి ఫోన్లోనో తిరుగుతూనే ఉంటుంది. లింకు అలా కాదు. వీడియో నా దగ్గరే ఉంటుంది, పిల్లల దగ్గర ఉండేది దారి మాత్రమే. ఆ దారి ఎవరికి తెరవాలన్నదే అసలు సంగతి.

వీడియో ఎక్కించేటప్పుడు యూట్యూబ్ మూడు దారులు చూపిస్తుంది. పబ్లిక్ అంటే ఊరందరిదీ. మిగతా రెండింటికీ ఉన్న తేడా నాకు మా ఇంటి తలుపు చూశాకే బాగా అర్థమైంది. అన్‌లిస్టెడ్ అంటే గొళ్లెం పెట్టిన తలుపు. వెతికినా ఆ ఇల్లు దొరకదు, చానల్ పేజీలోనూ కనిపించదు. కానీ దారి తెలిసినవాళ్లు ఎవరైనా గొళ్లెం తీసుకుని లోపలికి రావచ్చు, వాళ్లెవరో ఎవరూ అడగరు. ప్రైవేట్ అంటే తాళం. ఎవరిని రానివ్వాలో ఒక్కొక్కరి ఈమెయిల్ మనం రాసి ఇవ్వాలి. వాళ్లు ఆ మెయిల్‌తో లాగిన్ అయితేనే తలుపు తెరుచుకుంటుంది.

నాకు సహజంగానే తాళమే నచ్చింది. తరగతిలో అందరి ఈమెయిళ్లూ రాసుకు రమ్మన్నాను. మూడో వంతు మంది కూడా తేలేదు. ఒకడు "సార్, ఫోన్ కొన్నప్పుడు షాపన్నే ఏదో పెట్టాడు" అన్నాడు. అదే నిజం. చాలా ఇళ్లలో ఫోను నాన్నది, అందులోని ఖాతా సెల్ షాపు కుర్రాడు తయారుచేసింది, పాస్‌వర్డ్ అతనికీ గుర్తుండదు. పట్టు వదలకుండా ఒక పాఠాన్ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, పేరున్నవాళ్లకే తెరుచుకునేలా చేసి పంపాను. ఆ రాత్రి పదకొండు దాకా నా ఫోను మోగుతూనే ఉంది. అన్నీ అనుమతి ఇవ్వమని అడిగే మెయిళ్లే. పంపినవాళ్ల పేర్లలో మా పిల్లల పేరు ఒక్కటీ లేదు. ఒకదాంట్లో సినిమా హీరో పేరు, ఒకదాంట్లో ఫోను కంపెనీ పేరు. ఎవరో తెలియకుండా ఒప్పుకుంటే తాళం వేసి ప్రయోజనం ఏముంది? ఒప్పుకోకపోతే పాఠం ఎవరికి?

అలా అన్‌లిస్టెడ్‌కి వచ్చాను. ఎవరైనా ఊహించి ఆ లింకు పట్టేస్తారేమోనన్న భయం నాకు లేదు. ఆ పదకొండు గుర్తులతో చేయగల లింకుల లెక్క ఇరవై అంకెల సంఖ్య. ఈ లింకుల తయారీని యూట్యూబ్ 2017లో ఇంకా గట్టిపరిచింది కూడా. అందుకే అంతకు ముందు ఎక్కించిన అన్‌లిస్టెడ్ వీడియోలను, వద్దని చెప్పనివాళ్లవన్నీ, 2021 జులైలో ప్రైవేట్‌గా మార్చేసింది. అంటే యంత్రం వైపు నుంచి గోడ గట్టిదే. కన్నం పడేది మనుషుల వైపు నుంచి. నేను లింకు పెట్టిన వాట్సాప్ గ్రూపులో నలభై ఆరుగురున్నారు. అందులో ఏ ఒక్కరు వేలు కదిపినా అది ఇంకో గ్రూపులో ఉంటుంది.

మొదటి కన్నం మాత్రం నేనే పెట్టాను. ఎనిమిది వీడియోలూ జాగ్రత్తగా అన్‌లిస్టెడ్‌లో పెట్టి, వరసగా చూడటానికి వీలుగా ఉంటుందని ఒక ప్లేలిస్టులో చేర్చాను. ప్లేలిస్టుకి విడిగా ఇంకో గొళ్లెం ఉంటుందని తోచలేదు. అది పబ్లిక్‌గా ఉండిపోయింది. నా చానల్ తెరిచినవాళ్లకి ప్లేలిస్టు కనబడుతుంది, దాన్ని నొక్కితే ఎనిమిదీ వరసగా వస్తాయి. గదులన్నిటికీ గొళ్లేలు పెట్టి వీధి తలుపు బార్లా తెరిచినట్టయింది. ప్లేలిస్టును కూడా అన్‌లిస్టెడ్ చేశాక ఒక లాభం కూడా దొరికింది. ఇప్పుడు పాఠానికొక లింకు పంపనక్కర్లేదు, అధ్యాయానికి ఒకటి చాలు. తర్వాత చేర్చిన వీడియోలూ అదే లింకులో కనిపిస్తాయి.

రెండో కన్నం ఇంత తేలిగ్గా పూడలేదు. పరీక్షల ముందు సాయంత్రాలు ఆన్‌లైన్లో పునశ్చరణ తరగతి పెట్టి, దాన్ని రికార్డు చేసి, రానివాళ్ల కోసం అన్‌లిస్టెడ్‌లో ఉంచేవాణ్ని. ఒకరోజు ABC త్రిభుజం గీసి, BC కి సమాంతరంగా DE గీశాను. AD 2, DB 3, BC 10 అయితే DE ఎంత అని ఒక అమ్మాయిని అడిగాను. ఆ పిల్ల AD ని DB తో భాగించి, రెండు బై మూడు వేసి, "ఆరు పాయింట్ ఆరు ఆరు సార్" అంది. ఎవరో నవ్వారు. ఆమె పేరు తెర మీద ఉంది, గొంతు రికార్డులో ఉంది, ఆ నవ్వు కూడా ఉంది.

నాలుగు రోజుల తర్వాత వాళ్లమ్మ బడికి వచ్చింది. "మాస్టారూ, మా పిల్ల మాట ఎదురింటాళ్ల ఫోన్లో వినబడిందండీ. వాళ్ల బాబాయి కొడుకు గుంటూరు నుంచి ఫోన్ చేసి మరీ ఎగతాళి చేశాడు. పిల్ల బడికి పోనంటంది."

ఆమె ముందే ఫోను తీసి ఆ వీడియోని ప్రైవేట్‌కి మార్చాను. లింకు ఎన్ని గ్రూపుల్లో ఉన్నా అన్నిచోట్లా మూతపడింది, నొక్కినవాళ్లకి `This video is private` అన్న మాట తప్ప ఏమీ రాదు. ఫైలు పంపి ఉంటే ఆ పని చేయగలిగేవాణ్ని కాదు. కానీ ఎవరైనా అప్పటికే దించుకునో, తెరను రికార్డు చేసుకునో ఉంటే అది నా చేతిలో లేదు. ఆమెకి ఆ మాట కూడా చెప్పాను. చెప్పకపోతే అబద్ధమాడినట్టే.

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే తప్పు గొళ్లెంది కాదనిపించింది. గొళ్లెం చాలే గదిలో తాళం వేయాల్సిన వస్తువు పెట్టాను. సమాంతర రేఖల పాఠం గుంటూరు పోయినా, హైదరాబాదు పోయినా నాకు నష్టం లేదు. ఎవరికో పనికొస్తే సంతోషమే. పిల్ల గొంతు, పేరు, తప్పు మాత్రం నావి కావు. వాటిని బయట పెట్టే హక్కు నాకెవరిచ్చారు? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలనే అంటుంది, వాళ్ల వివరాల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి అడగమంటుంది. నేను ఎవర్నీ అడగలేదు.

అప్పటినుంచి తరగతిని రికార్డు చేయడం మానేశాను. పాఠాన్ని విడిగా, ఖాళీ గదిలో, పది నిమిషాలకి మించకుండా తీస్తాను. అందులో బోర్డు, నా చెయ్యి, నా గొంతు, అంతే. యూట్యూబ్ స్టూడియో సెట్టింగుల్లో `Upload defaults` దగ్గర అన్‌లిస్టెడ్ ఎంచిపెట్టుకున్నాను, కంప్యూటర్‌లో తొందరలో ఎక్కించినా పబ్లిక్ అయిపోదు. లింకు వాట్సాప్‌లో పడగానే శీర్షిక అందరికీ కనబడుతుంది కాబట్టి అందులో బడి పేరు గానీ, సెక్షన్ గానీ రాయను. గ్రూపులో పెట్టేముందు మా ఇంట్లో కంప్యూటర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి ఆ లింకు నొక్కి చూస్తాను. లాగిన్ అడక్కుండా వీడియో ఆడితేనే పిల్లలకి కూడా ఆడుతుంది. నా ఖాతాలో చూసుకుంటే ప్రైవేట్‌లో ఉన్నది కూడా చక్కగా ఆడుతుంది, అక్కడే మోసపోతాం. బోర్డు మీద లింకు రాయడం మానేసి క్యూఆర్ కోడ్ అచ్చువేసి తరగతి గోడకి అంటించాను. ఇప్పుడు I ఏదో l ఏదో గొడవ లేదు.

దిద్దిన జవాబు పత్రాలు, మార్కులు ఈ దారిన పోవు. ఈమెయిల్ నిజంగా తనదే అయిన పిల్లలకి డ్రైవ్‌లో వాళ్ల పేరుతో మాత్రమే తెరుస్తాను. లేనివాళ్లకి బల్ల దగ్గరికి పిలిచి చూపిస్తాను. మా పిల్లల్లో చాలామందికి ఇప్పటికీ ఆ బల్లే ప్రైవేట్ షేరింగ్.

చూసినవాళ్ల లెక్కను బట్టి లింకు బయటికి పోయిందో లేదో చెప్పలేమని కూడా తెలుసుకున్నాను. నలభై ఆరుగురికి పంపిన వీడియోకి నూటయాభై వీక్షణలు చూసి ఒకసారి కంగారుపడ్డాను. పరీక్ష ముందు ఒక్కొక్కరు మూడేసిసార్లు చూశారంతే. పరీక్షలయ్యాక, వేసవి మధ్యలో అంకె పెరగడం మొదలైతే అప్పుడు అనుమానించాలి. అప్పుడు వీడియోని ప్రైవేట్ చేసి, అదే ఫైలును మళ్లీ ఎక్కిస్తాను. కొత్త లింకు వస్తుంది, పాతది పనికిరాదు. ఉన్న వీడియోకి లింకు మార్చే వీలు యూట్యూబ్‌లో లేదు.

ఇక ఆ లెక్క సంగతి. వీడియో తీసేశాను గానీ ఆ తప్పు తీసేయడానికి మనసొప్పలేదు. ఎందుకంటే అది ఆ పిల్ల ఒక్కదాని తప్పు కాదు, ఏటా తరగతిలో సగం మంది చేసే తప్పు. పక్క భుజాన్ని రెండు ముక్కలుగా పోల్చేటప్పుడు AD, DB సరిపోతాయి. DE ని BC తో పోల్చాలంటే మాత్రం చిన్న త్రిభుజాన్ని పెద్ద త్రిభుజంతో పోల్చాలి, కింద ఉండాల్సింది DB కాదు, మొత్తం AB. రెండు బై అయిదు, DE నాలుగు.

దాన్నే కొత్త వీడియోగా తీశాను. మొదట నేనే రెండు బై మూడు వేసి, ఆరు పాయింట్ ఆరు ఆరు అని బోర్డు మీద రాసి, దాని మీద అడ్డంగా గీత కొట్టాను. మరుసటి వారం ఆ అమ్మాయి బడికి వచ్చింది. వీడియో చూశావా అని నేను అడగలేదు. విరామంలో తనే వచ్చి, "సార్, దాంట్లో తప్పు మీరు చేసినట్టు పెట్టారే" అంది.

"నేను కూడా పదో తరగతిలో అలాగే చేశానమ్మా" అన్నాను. అది నిజమే.