నలుగురికీ రాయాలి, ఒకే ఉత్తరం కాదు

మందుల గోదాముకు ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్లు అమ్మాలంటే ఒక్కరిని ఒప్పిస్తే పని కాదు. వాడేది గోదాము మేనేజరు. రికార్డులు తనిఖీకి నిలుస్తాయా అని చూసేది క్వాలిటీ హెడ్. నెట్‌వర్క్‌లోకి రానివ్వాల్సింది ఐటీ, బేరమాడేది పర్చేజ్. నలుగురికీ రాయక తప్పదు. చిక్కల్లా, ఆ నలుగురూ మధ్యాహ్నం ఒకే క్యాంటీన్‌లో భోంచేస్తారు.

హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ చూసే మిత్రుడు మొన్న తన ఫోన్ చూపించాడు. 'ఈ విషయానికి మీరే సరైన వ్యక్తి' అన్న మెయిల్ సోమవారం ఆయనకీ, ఐటీ హెడ్‌కీ, పర్చేజ్ మేడమ్‌కీ వచ్చింది. పేర్లు మాత్రమే వేరు. 'వచ్చే నెల మాట్లాడదాం' అని ఈయన జవాబిచ్చాడు. అయినా శుక్రవారం, 'మీ నుంచి స్పందన లేదు' అంటూ మేడమ్‌కి రిమైండర్ వెళ్లింది. ఆవిడ దాన్ని స్పామ్‌లో పడేసింది.

లోపం రాతలోనే కాదు, సెట్టింగులో కూడా ఉంది. వరసగా మెయిళ్లు పంపే సాఫ్ట్‌వేర్ సాధారణంగా జవాబిచ్చిన మనిషికే ఆపుతుంది, మిగతా వాళ్లకి కాదు. కంపెనీ మొత్తానికి ఆపే ఏర్పాటు కొన్నిటిలో ఉంటుంది కానీ, మనమే ఆన్ చేసుకోవాలి. అదీ మెయిల్ డొమైన్ చూసి కంపెనీని గుర్తుపడుతుంటే, మాతృ సంస్థకీ అనుబంధ సంస్థకీ వేర్వేరు డొమైన్లు ఉన్నప్పుడు రెండు కంపెనీలనుకుంటుంది. వాటిని ముందే చేత్తో కలపాలి.

నేనైతే మొదట ఇద్దరికే రాస్తాను. మంగళవారం గోదాము మేనేజరుకి: కోల్డ్ రూమ్ రాత్రిపూట 8 డిగ్రీలు దాటితే ఫోన్ ఎవరికి మోగుతుందని. శుక్రవారం క్వాలిటీ హెడ్‌కి: రీడింగును ఎవరైనా మారిస్తే ఆ ఆనవాలు మిగులుతుందా అని, ఎందుకంటే అమెరికాకి మందులు పంపేవాళ్లకి ఎలక్ట్రానిక్ రికార్డుల మీద 21 CFR Part 11 నిబంధన ఉంది. 'అలారాల గురించి మంగళవారం మేనేజరు గారికి రాశాను' అన్న వాక్యం ఇందులో తప్పక ఉంటుంది. దాచితే, ఫార్వర్డ్ అయిన రోజున ఎలాగూ బయటపడుతుంది.

ఒకరు పలికారంటే మిగతా వాళ్లకి వెళ్లాల్సినవన్నీ ఆగిపోవాలి. ఐటీకి రాసేముందు, 'నన్ను రాయమంటారా, మీరే పరిచయం చేస్తారా?' అని ఆ పలికినవారినే అడగాలి.

'వద్దు' అన్నప్పుడు మాత్రం కొంచెం ఆలోచించాలి. 'నా గోదాముకి అవసరం లేదండీ' అన్నది మేనేజరు మాట. ఆ సంగతి చెప్పి క్వాలిటీకి రాయొచ్చు. 'మా కంపెనీకే వద్దు' అంటే అందరికీ ఆపాలి. ఈ ఆపడం చాలా సేల్స్ టీముల్లో జరగదు. అక్కడ టార్గెట్ పంపిన మెయిళ్ల లెక్కన ఉంటుంది, మాట్లాడిన కంపెనీల లెక్కన కాదు.