అరపేజీలో మిగిలిన మందుల లెక్క

కవరింగ్ లెటర్‌ను కుదించడం చేయి తిరిగినవాళ్ల పని. ఆసుపత్రి ఫార్మసీలో స్టోర్స్ ఇన్‌ఛార్జి పోస్టుకు ఒకామె రాసుకున్న ఉత్తరం పేజీ నిండా ఉంది. దిద్దిన పెద్దమనిషి ముందు రెజ్యూమెను పక్కన పెట్టుకుని, అందులో ఉన్న చదువు, మార్కులు ఉత్తరంలోంచి కొట్టేశారు. తర్వాత ప్రతి వాక్యానికీ ఒకటే పరీక్ష: దీని కింద ఇంకెవరైనా సంతకం పెట్టగలరా? "కష్టపడే స్వభావం", "అంకితభావం" అక్కడే పోయాయి.

అసలు సరుకు మూడో పేరాలో దాక్కుంది: "గడువు తీరే మందుల బాధ్యత కూడా చూశాను." ఆయన పెన్ను ఆపి అడిగారు: "ఎంత నష్టం తగ్గిందమ్మా? ఎలా?" ఆమె చెప్పింది విని, ఆ వాక్యాన్ని ఉత్తరం మొదటికి తెచ్చారు: "గడువు దగ్గరపడ్డ మందులను అరల్లో ముందుకు జరిపి, మూడు నెలల ముందే డిస్ట్రిబ్యూటర్‌కు తిప్పి పంపే పద్ధతి పెట్టాను. నెలకు సుమారు 40 వేల రూపాయల నష్టం ఏడాదిలో 9 వేలకు తగ్గింది."

నిజానికి ఇది పాత వాక్యం కంటే పొడుగు. కుదింపులో ఒక వాక్యం పెరగడమే నాకు నచ్చింది. అంకె ఒక్కటే ఉంచితే గొప్పలనుకుంటారు. పద్ధతి పక్కనుంటే నమ్ముతారు. కంప్యూటర్‌లో స్టాకు ఎక్కించింది సహోద్యోగి కనుక, ఆమె "పెట్టాం" అని చెప్పినచోట తన వంతు వరకే "పెట్టాను" చేశారు. అక్షరాల సైజు తగ్గించి అరపేజీ చేసే దొంగదారి తొక్కలేదు. చివర ఎప్పుడు చేరగలదో ఒక్క ముక్క, సంతకం.