చెవితో చేసే తూకం

మంచి ఇయర్‌ఫోన్ సమీక్షకుడు పెట్టె విప్పగానే తీర్పు రాయడు. వాటిని చెవిలో పెట్టుకుని మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ వెళ్లే మెట్రో ఎక్కుతాడు.

పాటలో బేస్ పలచగా వినిపిస్తే ముందు సిలికాన్ టిప్ సైజు మార్చి చూస్తాడు. చెవిలో సందు మిగిలితే ఎంత మంచి స్పీకరైనా అలాగే పలుకుతుంది.

అసలు పనితనం కాల్ పరీక్షలో బయటపడుతుంది. వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లలో మైకు నోటికి దూరంగా, చెవి దగ్గర ఉంటుంది. అందుకే అమీర్‌పేట రోడ్డు మీద నిలబడి ఫోన్ చేసి, అవతలి వైపు వినిపించే గొంతును రికార్డు చేయిస్తాడు. హారన్లతో పాటు మాటల్లోని ‘స’, ‘ష’ కూడా మాయమైతే, రొదను తుడిచే సాఫ్ట్‌వేర్ గొంతునూ కోస్తోందన్నమాట. ఇంత ఓపిగ్గా వినడం నిజంగా మెచ్చుకోదగ్గ విద్య.

బ్యాటరీని మాత్రం నాయిస్ క్యాన్సిలేషన్ ఆన్‌లో ఉంచే కొలుస్తాడు, ప్రయాణికులు వాడేది అలాగే కాబట్టి.