కర్పూరం దారిలో మార్కోవ్‌నికాఫ్

వరంగల్ భద్రకాళి గుడిలోనైనా మన ఇంటి పూజగదిలోనైనా వెలిగే హారతి కర్పూరం బిళ్ల ఇవాళ చాలావరకు కర్పూరం చెట్టు నుంచి రావడం లేదు. పైన్ చెట్ల బంకను బట్టీపడితే వచ్చే టర్పెంటైన్ నూనె నుంచి దాన్ని ఫ్యాక్టరీలో తయారు చేస్తారు. ఆ నూనెలో ముఖ్యమైన పదార్థం ఆల్ఫా పైనీన్. అది ఒక ఆల్కీన్, అంటే అందులో ఒక ద్విబంధం ఉంది. ఆ ద్విబంధానికి హైడ్రోజన్ క్లోరైడ్ ఎలా చేరుతుందన్న ప్రశ్న నుంచే ఒకప్పుడు కృత్రిమ కర్పూరం మొదలైంది. హన్మకొండలో డిగ్రీ పిల్లలకు కర్బన రసాయనం చెప్పే నేను మార్కోవ్‌నికాఫ్ నియమం దగ్గరికి వచ్చినప్పుడల్లా ప్రొపీన్‌తో మొదలుపెట్టి చివరికి కర్పూరం దగ్గర ఆగుతాను. ఆ నియమం బలం, దాని హద్దు రెండూ ఒకేచోట కనిపించే చర్య నాకు తెలిసి ఇదొక్కటే.

ఇంటర్మీడియట్‌లో పిల్లలు నేర్చుకుని వచ్చేది ఇది: అసౌష్ఠవ ఆల్కీన్‌కు హైడ్రోజన్ హాలైడ్ చేరేటప్పుడు, అప్పటికే హైడ్రోజన్లు ఎక్కువున్న కార్బన్‌కు హైడ్రోజన్, తక్కువున్న కార్బన్‌కు హాలోజన్ చేరతాయి. ప్రొపీన్‌కు హైడ్రోజన్ బ్రోమైడ్ చేరిస్తే 2-బ్రోమోప్రొపేన్ ప్రధానంగా వస్తుంది. రష్యాలోని కజాన్‌లో బట్లెరోవ్ దగ్గర చదువుకున్న వ్లదీమిర్ మార్కోవ్‌నికాఫ్ 1870లో ఈ మాట అచ్చులో పెట్టాడు. అప్పటికి ఎలక్ట్రాన్ ఇంకా కనుగొనలేదు. ఆయన చెప్పింది ఫలితాలను చూసి గుర్తించిన ఒక క్రమం. ఎందుకు అలా జరుగుతుందో చెప్పే భాష ఆ రోజుల్లో లేదు.

ఎప్‌సెట్ కోసం తయారైన పిల్లలకు ఆ క్రమం బాగా పట్టుబడుతుంది. హైడ్రోజన్లు లెక్కపెట్టి, క్లోరిన్ ఎక్కడుండాలో క్షణంలో చెప్పేస్తారు. పైనీన్ దగ్గర ఆ లెక్క మొదటి అడుగు వరకే పనిచేస్తుంది.

పైనీన్ నిర్మాణం కాస్త ఓపికగా చూడాలి. ఆరు కార్బన్ల వలయం ఒకటి, దాన్ని అతుక్కుని నాలుగు కార్బన్ల చిన్న వలయం ఇంకొకటి. ద్విబంధం పెద్ద వలయంలో ఉంది. దాని ఒక చివర కార్బన్‌కు మిథైల్ సమూహం ఉంది, హైడ్రోజన్ లేదు. రెండో చివర ఒక హైడ్రోజన్ ఉంది. హైడ్రోజన్ క్లోరైడ్ దగ్గరికి రాగానే ద్విబంధంలోని పై ఎలక్ట్రాన్ల జంట ప్రోటాన్‌ను అందుకుంటుంది. బోర్డు మీద వంకర బాణం గీసేటప్పుడు నేను పిల్లలతో పట్టుబట్టేది ఇక్కడే: బాణం ద్విబంధం నుంచి హైడ్రోజన్ వైపు పోవాలి, హైడ్రోజన్ నుంచి ద్విబంధానికి కాదు. కదిలేవి ఎలక్ట్రాన్లు. ఎలక్ట్రాన్లను కోరుకునేది ప్రోటాన్, ఇచ్చేది ఆల్కీన్. ఎలక్ట్రోఫిలిక్ సంకలనం అన్న పేరుకు అర్థం అంతే.

ప్రోటాన్ హైడ్రోజన్ ఉన్న చివరకు చేరితే, ధనావేశం మిథైల్ ఉన్న కార్బన్ మీద మిగులుతుంది. ఆ కార్బన్ మూడు కార్బన్లతో కలిసి ఉంది కనుక అది టర్షియరీ కార్బోకాటయాన్. చుట్టూ ఉన్న ఆల్కైల్ సమూహాలు తమ బంధాల ఎలక్ట్రాన్ సాంద్రతను కొంత అటు పంచి ఆవేశాన్ని మోస్తాయి. ప్రోటాన్ రెండో వైపుకు పోతే సెకండరీ కాటయాన్ ఏర్పడాలి, దానికి శక్తి ఎక్కువ కావాలి. అందుకే మొదటి దారి వేగంగా నడుస్తుంది. మార్కోవ్‌నికాఫ్ లెక్కపెట్టిన హైడ్రోజన్ల వెనకున్న అసలు కారణం ఈ స్థిరత్వమే. హైడ్రోజన్లు తక్కువున్న కార్బన్‌కు ఆల్కైల్ సమూహాలు ఎక్కువుంటాయి కాబట్టి రెండు లెక్కలూ మామూలుగా ఒకే జవాబు ఇస్తాయి.

ఇక క్లోరైడ్ అయాన్ వచ్చి ఆ టర్షియరీ కార్బన్‌కు అతుక్కోవాలి. బాగా చల్లని ఉష్ణోగ్రతలో, తేమ లేకుండా చేస్తే అలాగే అతుక్కుంటుంది కూడా. అసలైన పైనీన్ హైడ్రోక్లోరైడ్ అంటే అదే. కానీ అది చాలా చపలమైన పదార్థం, కాస్త వెచ్చబడితే రూపం మార్చుకుంటుంది. మామూలుగా మంచుతో చల్లబరిచిన ఫ్లాస్కులో పొడి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును పంపితే చివరికి చేతికొచ్చేది వేరే పదార్థం: తెల్లని స్ఫటికాలు, కర్పూరం వాసన, సుమారు 132 డిగ్రీల దగ్గర కరిగే బోర్నైల్ క్లోరైడ్. అందులో క్లోరిన్ ఉన్నది సెకండరీ కార్బన్ మీద.

ఒక బీఎస్సీ ఫైనల్ అబ్బాయి ఇక్కడే ఆపి అడిగాడు: "సార్, టర్షియరీ కాటయాన్ ఎక్కువ స్థిరమైనదని మీరే చెప్పిన్రు గదా, మరి అది సెకండరీగా ఎందుకు మారుతది?" ఈ ప్రశ్న రాకపోతే ఈ చర్య చెప్పీ లాభం లేదు.

జవాబు ఆ చిన్న నాలుగు కార్బన్ల వలయంలో ఉంది. కార్బన్ తన నాలుగు బంధాలను సుమారు 109 డిగ్రీల కోణంలో ఉంచుకోవాలని చూస్తుంది. నాలుగు మూలల వలయంలో ఆ కోణం దాదాపు 90కి నొక్కుకుపోతుంది. వంచి కట్టేసిన వెదురు బద్దలా ఆ వలయంలో శక్తి బిగిసి ఉంటుంది. సైక్లోబ్యూటేన్ విషయంలో ఆ బిగువు మోల్‌కు సుమారు 26 కిలోకేలరీలు. ధనావేశం పక్కనే ఏర్పడగానే చిన్న వలయంలోని ఒక కార్బన్-కార్బన్ బంధం తన ఎలక్ట్రాన్ల జంటతో సహా పక్క కార్బన్‌కు జరుగుతుంది. నాలుగు కార్బన్ల వలయం ఐదు కార్బన్ల వలయమవుతుంది, బిగువు చాలావరకు వదులుతుంది. అలా జరిగినప్పుడు ఆవేశం సెకండరీ కార్బన్ మీదికి వెళ్లడం నష్టమే. అయితే వలయం బిగువు వదలడంలో వచ్చే లాభం ఆ నష్టాన్ని మించిపోతుంది. అప్పుడు క్లోరైడ్ వచ్చి అక్కడ అతుక్కుంటుంది. ఈ రకం జరుగుబాటును వాగ్నర్-మీర్‌వైన్ పునర్విన్యాసం అంటారు.

కాబట్టి మార్కోవ్‌నికాఫ్ నియమం ఇక్కడ ఓడిపోయిందనుకోకూడదు. ప్రోటాన్ ఎటు చేరాలో అది సరిగ్గానే చెప్పింది. ఆ తర్వాత కాటయాన్ ఏమవుతుందో చెప్పడం దాని పని కాదు. టర్షియరీ, సెకండరీ అన్న మాట కూడా మొత్తం స్థిరత్వంలో ఒక భాగమే.

ఈ కాటయాన్‌కు ఇంకో దారి ఉంది. ఆచరణలో ఇబ్బంది పెట్టేది అదే. చిన్న వలయంలోని బంధం పక్కకు జరగకుండా పూర్తిగా తెగిపోవచ్చు. అప్పుడు ఒకే వలయమున్న టర్పినైల్ కాటయాన్ మిగులుతుంది. దాని నుంచి డైపెంటీన్ వర్గపు పదార్థాలు వస్తాయి. వాటిలో ద్విబంధం ఇంకా ఉంటుంది గనుక మరో హైడ్రోజన్ క్లోరైడ్ అణువు చేరి డైహైడ్రోక్లోరైడ్ తయారవుతుంది. అక్కడ రెండు క్లోరిన్లూ బుద్ధిగా టర్షియరీ కార్బన్ల మీదే ఉంటాయి. నూనెలోనో వాయువులోనో తేమ ఉంటే ఈ దారి బలపడుతుంది. అందుకే పాత పద్ధతుల్లో టర్పెంటైన్‌ను పొడిగా చేయడం, వాయువును గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం గుండా పంపి తేమ తీసేయడం అంత పట్టింపుగా రాసి ఉంటాయి.

తేడా ఎలా తెలుస్తుంది? మొదట తూకం చెబుతుంది. పైనీన్ C10H16, మోల్‌కు సుమారు 136 గ్రాములు. హైడ్రోజన్ క్లోరైడ్ 36.5 గ్రాములు. 100 గ్రాముల పైనీన్ ఒక్కో అణువుకు ఒక్కో హైడ్రోజన్ క్లోరైడ్ చొప్పున పట్టుకుంటే ఫ్లాస్కు బరువు సుమారు 26.8 గ్రాములు పెరగాలి. అంతకు మించి పెరుగుతూనే ఉంటే, రెండో అణువు కూడా చేరుతోందన్న మాట. ఆ తర్వాత కరిగే ఉష్ణోగ్రత: బోర్నైల్ క్లోరైడ్‌ 132 దగ్గర కరిగితే, డైహైడ్రోక్లోరైడ్ సుమారు 50 డిగ్రీలకే కరిగిపోతుంది. ఆల్కహాల్ కలిపిన సిల్వర్ నైట్రేట్ ద్రావణం మూడో సాక్ష్యం. టర్షియరీ క్లోరైడ్ ఉంటే తెల్లని అవక్షేపం వెంటనే వస్తుంది, బోర్నైల్ క్లోరైడ్ దగ్గర అంత తొందర ఉండదు. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మన దగ్గర రంగుల దుకాణంలో టర్పెంటాయిల్ పేరుతో దొరికేది చాలాసార్లు పెట్రోలియం నుంచి తీసినది. అందులో పైనీన్ ఉండదు, ఎంత వాయువు పంపినా బరువు పెరగదు.

1803లో కిండ్ట్ అనే జర్మన్ ఔషధ తయారీదారుకు ఈ తెల్లని స్ఫటికాలు మొదటిసారి చిక్కినప్పుడు, వాసన చూసి దాన్ని కృత్రిమ కర్పూరం అన్నారు. నిజానికి అది కర్పూరం కాదు. కర్పూరంలో ఆక్సిజన్ ఉంటుంది, క్లోరిన్ ఉండదు. తేడా కనిపెట్టడానికి ఒక రాగి తీగ చాలు. తీగను మంటలో రంగు రాకుండా అయ్యేదాకా కాల్చి, పదార్థాన్ని అంటించి మళ్లీ మంటలో పెడితే, క్లోరిన్ ఉన్నచోట మంట ఆకుపచ్చగా మారుతుంది. నిజమైన కర్పూరం అలా చేయదు. బోర్నైల్ క్లోరైడ్ నుంచి క్షారంతో హైడ్రోజన్ క్లోరైడ్‌ను తీసేస్తే కాంఫీన్ వస్తుంది. కాంఫీన్‌కు ఎసిటిక్ ఆమ్లాన్ని చేర్చి, వచ్చిన ఎస్టర్‌ను జలవిశ్లేషణ చేసి, చివరగా ఆక్సీకరణం చేస్తేనే అసలు కర్పూరం చేతికి వస్తుంది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం 1922 నాటిది. హాన్స్ మీర్‌వైన్, వాన్ ఎమ్‌స్టర్ కలిసి కాంఫీన్‌కు హైడ్రోజన్ క్లోరైడ్ చేరగా వచ్చే టర్షియరీ క్లోరైడ్‌ను పరిశీలించారు. అది మెల్లగా ఐసోబోర్నైల్ క్లోరైడ్‌గా మారిపోతోంది. ఆ మార్పు వేగం ద్రావణిని బట్టి మారుతోందని వాళ్లు చూశారు. అయాన్లను బాగా విడదీయగల ద్రవ సల్ఫర్ డైఆక్సైడ్ లాంటి ద్రావణుల్లో వేగం ఎక్కువ. క్లోరైడ్‌ను లాక్కునే స్టానిక్ క్లోరైడ్, ఫెర్రిక్ క్లోరైడ్ లాంటివి వేస్తే ఇంకా ఎక్కువ. క్లోరిన్ తన బంధంతోనే పక్కకు జరిగి ఉంటే ఇలా ఉండకూడదు. అది ముందు విడిపోయి ధనావేశమున్న కార్బన్ అస్థిపంజరాన్ని వదిలేస్తోందని, రూపం మారేది ఆ కాటయానేనని వాళ్లు తేల్చారు. ఇప్పుడు ప్రొపీన్ ప్రశ్నకు జవాబుగా ప్రతి విద్యార్థీ రాసే కార్బోకాటయాన్ మధ్యస్థం బలంగా నిలబడింది ఈ పనితోనే. మార్కోవ్‌నికాఫ్ గుర్తించిన క్రమానికి కారణం దొరకడంలో కర్పూరం పరిశోధనకు ఇంత వాటా ఉంది.

నేటి ఫ్యాక్టరీలు, మన పొరుగున కాంచీపురంలో ఉన్నవైనా మరెక్కడివైనా, సాధారణంగా క్లోరైడ్ దారిలో పోవు. ఆమ్ల గుణమున్న టైటానియం ఉత్ప్రేరకం మీద పైనీన్‌ను వేడిచేస్తారు. ప్రోటాన్ చేరే చోటు అదే, ఏర్పడే కాటయాన్ అదే, వలయం విప్పారే తీరూ అదే. అతుక్కోవడానికి క్లోరైడ్ లేదు గనుక కాటయాన్ ఒక ప్రోటాన్‌ను వదిలేసి నేరుగా కాంఫీన్ అవుతుంది. బంధం తెగిపోయే రెండో దారిని మాత్రం అక్కడా పూర్తిగా మూయలేకపోయారు. అందుకే కర్పూరం ఫ్యాక్టరీలు కర్పూరంతో పాటు డైపెంటీన్‌ను కూడా డ్రమ్ముల్లో నింపి అమ్ముతాయి.