ప్రేమ తీసెయ్, నంబరు పెట్టు

పేరు వెనక డిగ్రీల తోక చూస్తే నాకెంత ఒళ్లుమంటో ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలుసు. ఈ వారం ఆ మంట మళ్లీ రేగింది. పశువైద్యం చదివిన మా మేనల్లుడు నాగలమడికలో క్లినిక్ తెరుస్తూ, తన పరిచయం రాసి దిద్దమని తెచ్చాడు. ‘మూగజీవాల పట్ల అపారమైన ప్రేమతో అన్ని రకాల జంతువులకు అత్యాధునిక చికిత్స’ అని మొదలు. ఆ కింద వరుసగా డిగ్రీలు.

“డిగ్రీలు కొట్టెయ్. ప్రేమ ఉండనీ” అన్నాను. “అన్ని రకాలంటే, చిలక రెక్క విరిగినా చూస్తావా?”

“లేదు మామా. కుక్కలు, పిల్లులు, గొర్రెలు, మేకలు, ఆవులు, ఎనుములు. ఎముకకి ప్లేటు వేయాలంటే బెంగళూరు హెబ్బాళ కాలేజీకి పంపిస్తా.”

“అదే రాయి. కాలు విరిగిన కుక్కని ఎత్తుకొచ్చేవాడికి ఒక పూట మిగులుతుంది.”

వైద్యం ఎలా చేస్తాడో రాసిన చోటికొచ్చేసరికి నాకు ఎదురింటావిడ పిల్లి గుర్తొచ్చింది. దానికి ఒళ్లు కాలుతోందని, ఊళ్లు తిరిగి పశువులకి సూదులేసే మనిషి ఒకడు అర పారాసెటమాల్ మాత్ర మింగించాడు. సాయంత్రానికి మొహం ఉబ్బింది, చిగుళ్లు చాక్లెట్ రంగుకి తిరిగాయి, ఎగశ్వాస. పట్నంలో డాక్టరు “ఏమైనా వేశారా?” అనడిగితే, తిడతాడని భయపడి ఆవిడ “ఏం లేదయ్యా” అంది. నిజం చెప్పేసరికి తెల్లారింది. పిల్లి దక్కలేదు.

మావాడు కారణం చెప్పాడు. ఆ మందుని విరిచి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో చాలా తక్కువట. మిగిలిపోయిన విషం ఎర్రరక్తకణాలని పాడుచేస్తే రక్తం ప్రాణవాయువుని మోయలేదు. చిగుళ్లకి ఆ రంగు అందుకే. విరుగుడుగా ఎసిటైల్‌సిస్టీన్ ఉంది, కానీ మొదటి కొన్ని గంటల్లో పడితేనే దాని బలం.

అందుకని ఈ ముక్క రాయించాను: ‘ఇంట్లో ఏ మందు వేసినా దాచకండి. మాత్రల రేకు కూడా తీసుకురండి. నేను తిట్టను.’ భయంతో వచ్చేవాళ్లకి ఇంతకన్నా ఆప్యాయమైన మాట ఏముంటుంది?

“ప్రేమ మాట ఉంచమంటావా మామా?” అన్నాడు.

అప్పుడు తట్టింది. మాత్ర మింగించిన మనిషికి ప్రేమ తక్కువేం లేదు. పిల్లిని ఒళ్లో పెట్టుకుని నిమిరాడు, డబ్బూ తీసుకోలేదు. అతనికి లేనిది చదువు. ఐదున్నరేళ్ల కోర్సు, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్‌లో పెద్ద డాక్టర్ల పక్కన నిలబడి నేర్చుకునే పని, ఆపైన 1984 చట్టం కింద రాష్ట్ర పశువైద్య మండలిలో నమోదు. వచ్చినవాడు అతన్నీ మావాణ్నీ వేరుచేసి చూడగలిగేది ఆ నమోదు నంబరుతోనే.

డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరు అన్నిటికన్నా పైన పెట్టించాను. ప్రేమ నేనే కొట్టేశాను.