జిమ్ వారికో ఉత్తరం

విజయనగరంలో జిమ్ నడిపే ఒకాయనకి, నెలకి సరిపడా రీల్స్‌కి స్క్రిప్టులు రాసిస్తానని ఈమధ్య ఉత్తరం రాశాను. అందులో నా గురించి రెండు వాక్యాలే. ఆయనకి కావలసింది నా ప్రతిభ కాదు, తన టైము ఎంత పోతుందన్న లెక్క. జిమ్‌లో పొద్దున, సాయంత్రం ఊపిరాడదు. ఖాళీ దొరికేది మధ్యాహ్నమే. అందుకే వారానికి మూడు చొప్పున పన్నెండు స్క్రిప్టులు, షూటింగ్ మాత్రం రెండు మధ్యాహ్నాల్లో అయిపోవాలి అని మొదటే రాశాను. ఒకే మిషన్ దగ్గర తీసేవన్నీ ఒక వరసలో పెడితే అది కుదురుతుంది.

తర్వాత ఒక స్క్రిప్టు పూర్తిగా జతచేశాను. ముప్పై సెకన్లది. తెలుగులో మాట్లాడేది అరవై పదాలు దాటితే కోచ్ పరిగెత్తాల్సి వస్తుంది, వ్యాయామం కనబడదు. ఎడమవైపు కనిపించేది, కుడివైపు వినిపించేది రాశాను. కొత్తగా చేరినాయన రాడ్‌కి ప్లేట్లు ఎక్కించబోతాడు. కోచ్ ఆపి, "ఏటండీ కంగారు? ఈ రాడ్ ఒక్కటే ఇరవై కేజీలు. ముందు దీన్ని సరిగ్గా ఎత్తండి" అంటాడు. ఆ మాట మొదటి మూడు సెకన్లలోనే మొదలవ్వాలి. జిమ్ పేరు, అడ్రసు చివర్లో. యజమానులు బోర్డుతో మొదలెట్టమంటారు. బోర్డు చూడగానే జనం పైకి జరిపేస్తారు.

జిమ్ రీల్ అనగానే మా ప్రాంతంలో ఎవరికైనా మొదట తట్టే ఐడియా కోడి రామమూర్తి నాయుడు, కరణం మల్లీశ్వరి. వీరఘట్టంలో పుట్టిన ఆయన, 2000 సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన ఆమె, ఇద్దరూ పాత శ్రీకాకుళం జిల్లా బిడ్డలే. వెయిట్‌లిఫ్టర్ల ఊరు కొండవెలగాడ విజయనగరం జిల్లాలోనే ఉంది. ఒక రీల్ వీళ్లందరి కథకి ఇచ్చాను గానీ, మల్లీశ్వరి ఫొటో పక్కన ఫీజుల పట్టీ పెట్టనని రాశాను. అలా పెడితే ఆమె ఈ జిమ్‌ని సిఫారసు చేసినట్టవుతుంది.

చివరి పేజీ డబ్బులకి, హద్దులకి. సగం అడ్వాన్సు, ఒక్కో స్క్రిప్టుకి ఒకసారి మార్పు. షూటింగ్, ఎడిటింగ్ నా పని కాదు. సన్నబడిన వారి పాత, కొత్త ఫొటోలు కావాలంటే వారి అనుమతి రాతలో ఉండాలి. సినిమా పాట ఆధారంగా ఏ స్క్రిప్టూ రాయను. ఇన్‌స్టా బిజినెస్ అకౌంటుకి అవి చాలావరకు దొరకవు, పర్సనల్ అకౌంటులో దొరికినా ప్రచారానికి వాడుకునే హక్కు రాదు. "నెలలో పది కిలోలు" లాంటి మాట ఏ కోచ్ నోటా పెట్టను.

ఎన్ని వ్యూస్ వస్తాయో, ఎంతమంది చేరతారో మాత్రం రాయలేదు. అది నా చేతిలో లేదు. ఈ పనిలోకి వస్తున్న కుర్రాళ్లూ, ఆ అంకె మీరూ రాయకండి. నెల తిరిగాక యజమాని ఆ ఒక్క వాక్యమే చూపించి మిగతా సగం ఆపేస్తాడు.